ఈ పని ఎవరు చేశారంటే...

తెల్లవారుజామున మూడు దాటాక ఫోన్ మోగితే ఊళ్లో ఎవరికేమైందోనని గుండె గుభేలుమంటుంది. ఆ రోజు ఫోన్ చేసింది మాత్రం పాత ప్రాజెక్టులో నాతో పనిచేసిన కుర్రాడు.

“అన్నా, పడుకున్నావా? ఏమనుకోకు. ఆ రాత్రి రిపోర్టు మళ్లీ మొరాయించిందంట. గంటన్నర నుంచి నన్ను లైన్లో కూర్చోబెట్టారు. అప్పుడు నువ్వేదో చేశావు కదా, అదేంటో కాస్త చెప్పవా?”

నేను ఆ ప్రాజెక్టు వదిలి చాలా రోజులైంది. అతనూ వదిలేశాడు. మరి అర్ధరాత్రి అతన్నెందుకు లేపారు? ఏడాదిన్నర కిందటి మెయిల్ ఒకటి వెతికి తీశారట. అప్పట్లో ఇదే రిపోర్టు ఇలాగే ఆగినప్పుడు, బాగుచేశాక టీమ్ మొత్తానికీ వెళ్లిన మెయిల్ అది. అందులో అతని పేరుంది. నా పేరు లేదు.

సంగతి మొదటి నుంచీ చెప్పాలి.

అప్పుడు నేను హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేసేవాణ్ని. మా క్లయింటుకు దేశమంతా బ్రాంచీలు. రోజంతా జరిగిన లావాదేవీల లెక్క రాత్రి ఒంటిగంటకు మా ప్రోగ్రాం మొదలుపెట్టి, ఉదయం ఆరు లోపు రిపోర్టుగా ఇవ్వాలి. మొదట్లో గంటలోపే అయిపోయేది. లావాదేవీలు పెరిగేకొద్దీ అది రెండయింది, నాలుగయింది, చివరికి ఆరుగంటల ఇరవై నిమిషాలకు చేరింది. అంటే రిపోర్టు చేతికొచ్చేసరికి ఉదయం ఏడూ ఇరవై. అప్పటికే బ్రాంచీల నుంచి ఫోన్లు మొదలయ్యేవి.

మూడు రాత్రులు లాగులు ముందేసుకుని కూర్చున్నాను. ఒక్క క్వెరీ దగ్గరే కాలమంతా కరిగిపోతోంది. సుమారు రెండు కోట్ల వరుసలున్న పట్టికలో ఒక తేదీ వెతకాలి. పుస్తకం చివర పదసూచిక ఉన్నట్టు, డేటాబేస్‌లో తేదీలకు ఇండెక్స్ ఉంటుంది. కానీ ఆ క్వెరీ రాసిన తీరు వల్ల అది సూచిక వైపు చూడనైనా చూడకుండా మొదటి పేజీ నుంచి చివరిదాకా ప్రతి వరుసా తిరగేస్తోంది. క్వెరీని తిరగరాశాను. మా డీబీఏ గారు చూసి, దాంతోపాటు ఇంకో ఇండెక్స్ కూడా పెడితే మంచిదని చెప్పి తానే పెట్టారు. టెస్టింగ్ చూసే అమ్మాయి పాత రిపోర్టులూ కొత్త రిపోర్టులూ పక్కపక్కన పెట్టి ముప్పై రోజుల లెక్కలు పోల్చింది. ఈ నాలుగు రోజులూ, ఇందాక ఫోన్ చేసిన కుర్రాడు బ్రాంచీల వాళ్ల తిట్లు తింటూ, చేత్తో తయారుచేసిన తాత్కాలిక రిపోర్టు రోజూ ఎనిమిదింటికల్లా పంపిస్తూ క్లయింటు చేజారకుండా కాపాడాడు. ఆరుగంటల ఇరవై నిమిషాల పని నలభై ఎనిమిది నిమిషాలకు దిగింది.

మేనేజరు గారి మెయిల్ మర్నాడు వచ్చింది. రిపోర్టు సమస్య తీరిపోయిందనీ, టీమ్ అంతా బాగా కష్టపడిందనీ, ముందుండి నడిపించినందుకు ఆ కుర్రాడికి ప్రత్యేక ధన్యవాదాలనీ. ఆయన కుట్రేమీ లేదు. క్లయింటు కాల్స్‌లో రోజూ వినిపించింది అతని గొంతే, కాబట్టి పని అతనిదే అనుకున్నారు. నేను ఆ మెయిల్‌కి బొటనవేలు బొమ్మ ఒకటి పెట్టి ఊరుకున్నాను.

ఊరుకోవడం వినయం కాదు. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఆ పాడు క్వెరీ ఏడాది ముందు రాసింది కూడా నేనే. బాగుచేసింది నేనని చెబితే, చెడగొట్టింది ఎవరని అడుగుతారేమోనన్న బెదురు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ ఏమీ అనకుండానే నేను తడుముకున్నాను.

నాలుగు నెలల తర్వాత అప్రైజల్‌కు కూర్చున్నప్పుడు “ఈ ఆరు నెలల్లో నీ వల్ల స్పష్టంగా ఏం మారింది?” అని అడిగారు. చెప్పాను. మేనేజరు గారు నిజంగానే ఆశ్చర్యపోయారు. “అది నువ్వు చేశావా? మరి అప్పుడు చెప్పలేదేం?” అన్నారు. నాలుగు నెలల తర్వాత చెప్పిన నిజానికి రంగు మారిపోతుంది. అప్పుడు చెప్పి ఉంటే అదొక వివరం. ఇప్పుడు చెబితే అది ఫిర్యాదు.

ఆ రోజు చేయాల్సింది ఏమిటో తర్వాత చాలాసార్లు ఆలోచించాను. పని ముగించినవాడు మేనేజరు మెయిల్ కోసం ఎదురుచూడకూడదు. పని అయిందన్న మాట ముందుగా తానే రాయాలి. పని ముగించిన మనిషి “అయింది” అని చెప్పడంలో గొప్పలేమీ లేవు, అది ఆ పనిలో ఆఖరి అంగం. మేనేజరు తర్వాత పై వాళ్లకు రాసేటప్పుడు చాలా వరకు దాన్నే కాపీ చేసి పంపుతారు. ఎవరి మాటలు ముందు కాగితం మీద పడితే కథ వాళ్ల మాటల్లోనే నడుస్తుంది.

సరే, రాస్తే ఏం రాయాలి? నేను మనసులో ఎన్నోసార్లు రాసుకున్న మొదటి చిత్తు ప్రతి ఇలా ఉండేది. మెయిళ్లన్నీ ఇంగ్లిష్‌లోనే నడిచేవి, ఇక్కడ తెలుగులో చెబుతున్నాను: “వారాలుగా ఎవరికీ అంతుబట్టని ఈ జటిల సమస్యను మూడు నిద్రలేని రాత్రుల అనంతరం నేను ఒంటిచేత్తో ఛేదించానని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను.” చదివితే నాకే నవ్వొచ్చింది. ఇందులో అబద్ధం పెద్దగా లేదు. అయినా సొంత డబ్బా వాయించినట్టే ఉంది. ఎందుకుంది?

“నేను” అన్న మాట వల్ల కాదు. చాలామంది దాన్నే దోషిగా పట్టుకుని, మెయిల్ నిండా ఆ మాట ఏరిపారేస్తారు. అసలు దోషం మూడు చోట్ల ఉంది. “ఎవరికీ అంతుబట్టని” అనడంలో మిగతా వాళ్లను తక్కువ చేయడం ఉంది, మన పెద్దలు ఆత్మస్తుతినీ పరనిందనూ జంటగా చెప్పింది అందుకే. “నిద్రలేని రాత్రులు” అనడంలో పడ్డ కష్టాన్ని చూపించి జాలి రాబట్టడం ఉంది. చదివేవాడికి కావలసింది రిపోర్టు ఎన్ని గంటలకు వస్తుందన్నది, నా నిద్ర సంగతి కాదు. “జటిల”, “ఒంటిచేత్తో” అనడంలో తీర్పు కూడా నేనే చెప్పేసుకోవడం ఉంది. పని గొప్పదా కాదా అన్నది చదివేవాడు తేల్చుకోవాల్సిన విషయం. ఇవి మూడూ తీసేసి “ఆలస్యానికి కారణం నేను కనిపెట్టాను, క్వెరీని తిరగరాశాను” అంటే, అందులో “నేను” ఉంది కానీ డప్పు లేదు.

మన వాళ్లు దీనికి భయపడి ఇంకో పక్కకు పడిపోతారు. “ఏదో మీ దయ వల్ల అలా తగిలింది సర్”, “నేను చేసిందేముంది, ఊరికే చూశానంతే.” దీన్ని వినయమనుకుంటాం. కానీ ఇదీ ఒకరకం మెప్పు అడుక్కోవడమే. అవతలివాడు “లేదు లేదు, నువ్వు చాలా చేశావు” అనాలని లోపల ఆశ ఉంటుంది. వాళ్లు అనకపోతే కడుపులో మంట. పైగా ఊరికే చూశానన్నవాణ్ని రేపు ఎవరూ ఆ విషయం అడగరు కూడా.

నేను రాసి ఉండాల్సిన మెయిల్ ఇది. అప్పటి వివరాలతోనే, పేర్లు మాత్రం తీసేసి రాస్తున్నాను. పేర్ల చోట హోదాలు పెట్టాను.

“విషయం: రాత్రి రిపోర్టు ఆలస్యం తీరింది, ఇంకా చూడాల్సింది ఒకటి ఉంది.

అందరికీ నమస్కారం. రాత్రి రిపోర్టు గత మూడు రోజులుగా 48 నుంచి 52 నిమిషాల్లో పూర్తవుతోంది. ఇంతకుముందు 6 గంటల 20 నిమిషాలు పట్టేది. తేదీ వెతికే క్వెరీ ఇండెక్స్‌ను వాడుకోకపోవడమే కారణం. ఆ క్వెరీ నిరుడు నేను రాసిందే, అప్పటి డేటాకు సరిపోయింది గానీ ఇప్పటికి సరిపోలేదు. లాగులు చూసి కారణం పట్టుకుని క్వెరీని తిరగరాశాను. అదనపు ఇండెక్స్ ఆలోచన డీబీఏ గారిది, పెట్టిందీ వారే. పాత కొత్త రిపోర్టులు ముప్పై రోజులవి పోల్చి లెక్క తేడా లేదని టెస్టింగ్ వారు తేల్చారు. ఈ నాలుగు రోజులూ బ్రాంచీలతో మాట్లాడుతూ తాత్కాలిక రిపోర్టు తయారుచేసి పంపింది కోఆర్డినేటరు. నెలాఖరు రాత్రి లావాదేవీలు ఎక్కువ కాబట్టి 31న నేను దగ్గరుండి చూస్తాను. క్వెరీ గురించి ఏ సందేహమున్నా నన్ను, ఇండెక్స్ గురించి డీబీఏ గారిని అడగండి.”

ఇందులో నన్ను నేను పొగుడుకున్న విశేషణం ఒక్కటీ లేదు. ఉన్నవి క్రియలు: పట్టుకున్నాను, తిరగరాశాను, పెట్టారు, పోల్చారు, పంపాడు. మొదటి వాక్యం నా గురించి కాదు, రిపోర్టు గురించి. ఫలితం ముందు రావాలి, ఎందుకంటే సగంమంది అక్కడితో ఆగిపోతారు. 6 గంటల 20 నిమిషాలు 48కి దిగిందని రెండు అంకెలూ పక్కపక్కన పెట్టాక “గణనీయమైన మెరుగుదల” లాంటి మాటలతో పనే లేదు. అంకె ఒకటే ఇస్తే మాత్రం లాభం లేదు. “ఇప్పుడు 48 నిమిషాలు” అని ఊరుకుంటే అది ఎక్కువో తక్కువో కొత్తగా చదివేవాడికి ఎలా తెలుస్తుంది?

తోటివాళ్ల వాక్యాలు నా వాక్యం ఎంత నిర్దిష్టంగా ఉందో అంత నిర్దిష్టంగా ఉన్నాయి చూడండి. ఇదే కీలకం. చాలా మెయిళ్లలో రాసినవాడి పని మూడు వరుసలు వివరంగా ఉండి, మిగతా వాళ్లకు మాత్రం “సహకరించిన అందరికీ కృతజ్ఞతలు” అని ఒక గంపగుత్త వాక్యం ఉంటుంది. సభలో వందన సమర్పణలాగా. గొప్పలు చెప్పుకుంటున్నాడన్న భావం అక్కడే పుడుతుంది. తన పేరు దగ్గర ఏ పని ఉందో సరిగ్గా కనిపించినవాడు మీ పేరు చూసి నొచ్చుకోడు.

చివరి వాక్యం సంగతీ చెప్పాలి. “ఏ సందేహమున్నా నన్ను అడగండి” అన్నది చూడ్డానికి మర్యాద మాటలా ఉంటుంది. కానీ పని ఎవరిదో చెప్పడానికి దాన్ని మించిన నెమ్మదైన పద్ధతి నాకు తెలియదు. బాధ్యత తీసుకుంటున్నవాణ్ని గొప్పలు చెబుతున్నాడని ఎవరంటారు?

ఇక్కడ మన భాష గురించి కొంచెం పక్కకు వెళతాను. తెలుగులో “తిరగరాశాను” అంటే చాలు, “నేను” విడిగా అనక్కర్లేదు. చేసినవాడు క్రియ చివర్లోనే కూర్చుంటాడు, పెద్దగా కనిపించడు. ఇంగ్లిష్‌లో ఆ వెసులుబాటు లేదు, ప్రతిసారీ “ఐ” అని మొదలుపెట్టాలి. అది మన చెవికి ఛాతీ చరుచుకున్నట్టు వినిపిస్తుంది. అందుకని “ఇష్యూ హ్యాజ్ బీన్ ఫిక్స్‌డ్” అనే వాక్యంలోకి పారిపోతాం. సమస్య తీరింది, ఎవరు తీర్చారో ఆ దేవుడికే తెలియాలి. లేదా “వి” అంటాం. తెలుగులో “మనం” వేరు, “మేము” వేరు. మనం అంటే వింటున్న నువ్వు కూడా కలిశావు, మేము అంటే నువ్వు లేవు. ఇంగ్లిష్ “వి” ఈ రెంటినీ కలిపేస్తుంది. “వి ఫిక్స్‌డ్ ఇట్” అన్న మెయిల్ పై అధికారి చదివితే, తాను కూడా అందులో ఉన్నాననుకోవడానికి ఏ అడ్డంకీ లేదు. నా పద్ధతి ఏమిటంటే, నిజంగా కలిసి తీసుకున్న నిర్ణయాలకు “వి”, ఒకరు చేసిన పనికి ఆ ఒకరి పేరు. కారణం వెతికింది ఒకరు, ఏ రాత్రి మార్పు పెట్టాలో నిర్ణయించింది అందరం.

అయితే, నాది ఇంత అని మనం వేసుకునే లెక్క ఎంతవరకు నిజం? మైకేల్ రాస్, ఫియోర్ సికోలీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లో ప్రచురించిన ఒక అధ్యయనం ఇలాంటిదే. భార్యాభర్తల్ని విడివిడిగా కూర్చోబెట్టి, ఇంట్లో ఫలానా పనిలో మీ వంతు ఎంత అని అడిగారు. ఇద్దరి జవాబులూ కలిపితే చాలా జంటల్లో మొత్తం నూటికి నూరు దాటిపోయింది. తమాషా ఏమిటంటే గొడవలు మొదలుపెట్టడం లాంటి చెడ్డ విషయాల్లో కూడా తమ వంతును ఎక్కువగానే చెప్పుకున్నారు. కాబట్టి ఇదంతా గొప్పల కోసమే అనలేం. మనం చేసింది మన కళ్లముందు జరుగుతుంది, గుర్తుంటుంది. అవతలివాడు చేసింది మనం చూడలేదు, చూసినా మర్చిపోయాం. నా మూడు రాత్రులు నాకు నిమిషాలతో సహా గుర్తున్నాయి. ముప్పై రోజుల రిపోర్టులు పోల్చిన అమ్మాయి కళ్లు ఎంత లాగాయో నాకేం తెలుసు?

అందుకని పంపే ముందు, మెయిల్‌లో పేరున్న వాళ్లకు ఆ చిత్తుప్రతి చూపించడం మంచిది. “మీ వంతు సరిగ్గా రాశానా, ఏమైనా వదిలేశానా?” అని రెండు వరుసల చాట్ చాలు. ఐదు నిమిషాల పని. దీంతో మనకు తెలియని పని బయటపడుతుంది. ఇండెక్స్ ఆలోచన డీబీఏ గారిదని కాకుండా, ఆయన కేవలం అనుమతి ఇచ్చారని నేను రాసి ఉంటే? నాకు జరిగిన అన్యాయమే ఆయనకు నేను చేసేవాణ్ని. పైగా పేరున్న అందరూ ముందే చూసిన మెయిల్‌ను తర్వాత ఎవరూ కాదనలేరు, మీ వాక్యంతో సహా.

ఇక అసలు చిక్కు. మీరు రాసేలోపే మెయిల్ వచ్చేసింది, పేరు ఇంకొకరికి వెళ్లిపోయింది. సొమ్మొకడిది సోకొకడిది అని రక్తం మరుగుతుంది. ఆ వేడిలో ఏమీ రాయకండి. అలాగని వారం దాకా ఆగకండి కూడా. సాయంత్రం లోపు, మరీ అయితే మర్నాటి ఉదయం. ముందు ఎవరి పేరు వచ్చిందో ఆ మనిషికి ఫోన్ చేయాలి. పదింట తొమ్మిదిసార్లు అతనూ ఇబ్బందిపడుతూనే ఉంటాడని నా అనుభవం. మా కుర్రాడు తర్వాత చెప్పాడు, “నేనే చెబుదామనుకున్నా అన్నా, నువ్వు బొటనవేలు పెట్టేసరికి నీకు ఇష్టం లేదేమో అనుకున్నా” అని.

ఆ తర్వాత అందరికీ జవాబుగా ఇంత రాస్తే చాలు: “థాంక్యూ సర్. బ్రాంచీలు నిలబడ్డాయంటే ఆ నాలుగు రోజులూ కోఆర్డినేటరు పంపిన తాత్కాలిక రిపోర్టే కారణం. మళ్లీ ఇలాంటిది వస్తే ఉపయోగపడుతుందని ఒక వివరం చేరుస్తున్నాను: కారణం నా క్వెరీలో దొరికింది, దాన్ని నేను తిరగరాశాను. ఇండెక్స్ డీబీఏ గారు పెట్టారు. మార్పుల వివరం టికెట్‌లో ఉంది.” ఇందులో “సవరణ” అన్న మాట రాకూడదు. సవరణ అంటే మేనేజరు తప్పు రాశారని నలుగురిలో చెప్పినట్టు, ఆయన దాన్ని గుర్తుపెట్టుకుంటారు. “చేరుస్తున్నాను” అంటే ఆయన రాసింది అలాగే ఉంది, పక్కన ఇంకో ముక్క వచ్చింది. ఎవరి పేరు వచ్చిందో అతను నిజంగా చేసిన పనిని ముందు చెప్పడం మర్యాద కోసం మాత్రమే కాదు. అది నిజం, పైగా లాక్కుంటున్నట్టు ఉండదు. కొత్తగా పెద్దవాళ్లెవరినీ సీసీలో తగిలించకూడదు. మొదటి మెయిల్ ఎవరికి వెళ్లిందో వాళ్లకే ఈ జవాబు కూడా వెళ్లాలి. ఒక్క పేరు అదనంగా చేరినా మెయిల్ కాస్తా పితూరీ అయిపోతుంది.

ఒకసారి జరిగితే పొరపాటు. అదే మనిషి రెండోసారి, మూడోసారి చేస్తే ఇక అందరి మధ్యా మెయిళ్లతో తేలదు. ఎదురుగా కూర్చుని అడగాలి. మేనేజరే కావాలని మీ పనిని తన పేరున పైకి పంపే రకమైతే, ఎంత చక్కటి మెయిలూ అతన్ని మార్చదు. తేదీలతో మీ పని మీరు రాసిపెట్టుకుని, ఆ కుర్చీ నుంచో ఆ మనిషి నుంచో దూరంగా జరిగే దారి చూసుకోవడమే. రాసిపెట్టుకోవడం అంటే ఆఫీసు మెయిళ్లు సొంత జీమెయిల్‌కు పంపుకోవడం కాదు సుమా. చాలా కంపెనీల్లో అది నిబంధనల ఉల్లంఘన. తేదీ, చేసిన పని, ముందూ తర్వాతా అంకె, టికెట్ నంబరు, ఇంతే, ఆఫీసు సిస్టంలోనే ఒక పత్రంలో.

ఆడవాళ్ల విషయంలో ఇది మరీ అవసరమని నేననడం కాదు, మాడెలిన్ హీల్‌మాన్, మిషెల్ హేన్స్ 2005లో ప్రచురించిన ప్రయోగాలు చెబుతున్నాయి. ఒక మగవాడూ ఒక ఆడమనిషీ కలిసి చేసిన పని బాగా వచ్చిందని చెప్పి, ఎవరి సామర్థ్యం ఎంతని అడిగితే, ఎవరేం చేశారో తెలియనప్పుడు జనం ఆమెకు తక్కువ మార్కులు వేశారు. ఆమె వంతు ఏమిటో స్పష్టంగా చెప్పినప్పుడు ఆ తేడా పోయింది. అంటే “టీమ్ అంతా బాగా కష్టపడింది” అనే వాక్యం అందరికీ సమానంగా పంచదు. ఖాళీ వదిలిన చోట చదివేవాడు తన అలవాటు ప్రకారం పేరు నింపుకుంటాడు. టెస్టింగ్ చూసిన అమ్మాయి పేరు మా మేనేజరు మెయిల్‌లోనూ లేదు. ఆమె గురించి ఆ రోజు నేను కూడా రాయలేదు.

పేరు కాగితం మీద ఉండటం, లేకపోవడం ఎంత దూరం వెళుతుందో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితంలో కనిపిస్తుంది. శరీర ద్రవాల్లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని 1925లో ఆయనా, హార్వర్డ్‌లో ఆయన పైవాడు సైరస్ ఫిస్కే కలిసి ప్రచురించారు. ఇద్దరి పేర్లూ ఆ వ్యాసం మీద ఉన్నాయి కాబట్టి అది ఇప్పటికీ ఫిస్కే–సుబ్బారావు పద్ధతే. వెలుగులోకి రాని పని సంగతి వేరు. 1988లో నోబెల్ పంచుకున్న జార్జ్ హిచింగ్స్ కూడా హార్వర్డ్‌లో ఆ ఫిస్కే దగ్గర చదువుకున్నవాడే. సుబ్బారావు వేరుచేసిన కొన్ని పదార్థాలు అప్పట్లో బయటికి రాలేదనీ, ఏళ్ల తర్వాత ఇతరులు వాటిని మళ్లీ మొదటి నుంచి కనిపెట్టుకోవాల్సి వచ్చిందనీ ఆయన చెప్పిన మాట సుబ్బారావు గురించి రాసేవాళ్లు తరచూ గుర్తుచేస్తారు. నష్టపోయింది సుబ్బారావు ఒక్కరే కాదు. ఆ పని అవసరమైన ప్రతివాడూ నష్టపోయాడు.

పరిశోధకులు ఈమధ్య దీనికి ఒక దారి వేసుకున్నారు. వ్యాసం మీద పేర్ల వరుస ఒక్కటే సరిపోదని, ఎవరేం చేశారో చెప్పడానికి పద్నాలుగు రకాల పనులను ఒక పట్టికగా పెట్టుకున్నారు. దాన్ని క్రెడిట్ అంటారు, 2022లో అమెరికాలో అది అధికారిక ప్రమాణమైంది. ఆలోచన ఎవరిది, డేటా ఎవరు సేకరించారు, సాఫ్ట్‌వేర్ ఎవరు రాశారు, మొదటి చిత్తుప్రతి ఎవరిది, ఇలా. “ముఖ్యమైన కృషి”, “విశేష సహకారం” లాంటి పొగడ్తలకు ఆ పట్టికలో చోటు లేదు. టీమ్ మెయిల్‌కు కావలసిందీ ఆ పద్ధతే.

మళ్లీ ఆ తెల్లవారుజాముకు వస్తాను. ఫోన్‌లో పది నిమిషాలు మాట్లాడుకునేసరికి సంగతి తేలింది. పట్టికను కొత్త సర్వరుకు మార్చినప్పుడు ఆ అదనపు ఇండెక్స్ వెంట రాలేదు. డ్యూటీలో ఉన్న డీబీఏ దాన్ని మళ్లీ పెట్టాడు. రిపోర్టు ఐదింటికల్లా వచ్చేసింది. అంతకుముందు గంటన్నర మాత్రం ఊరికే పోయింది, తెలియనివాణ్ని తెలిసినవాడనుకుని అడిగినందుకు.

ఆ ఉదయం తొమ్మిదింటికి అతను కొత్త టీమ్‌కు రాసిన మెయిల్‌లో నన్నూ కలిపాడు. అందులో నా పేరు రెండుసార్లు ఉంది, క్వెరీ మొదట రాసినవాడిగా ఒకసారి, తర్వాత దిద్దినవాడిగా ఒకసారి. డీబీఏ గారి పేరుంది. ముప్పై రోజుల లెక్కలు పోల్చిన అమ్మాయి పేరు కూడా ఉంది. అట్టడుగున ఒక వరుస: “అప్పట్లో నేను చేసింది బ్రాంచీలకు ఫోన్లు, తాత్కాలిక రిపోర్టు. కాబట్టి రాత్రిపూట దయచేసి నాకు ఫోన్ చేయొద్దు.”